ఒకే గద్యం, మూడు మెట్లు: మన బడిలో ఒక ప్రశ్నపత్రం చరిత్ర

"మన బడి చరిత్రలో మీకు బాగా తెలిసిన ముక్క ఏదైనా రాసివ్వండి మాస్టారూ" అని ఈ స్వర్ణోత్సవ సంచిక కమిటీవారు అడిగారు. భవనాల సంగతి, దాతల సంగతి, ఆటల పోటీల సంగతి రాయడానికి నాకన్నా తెలిసినవారున్నారు. నేను 1983 నుంచి ఇక్కడ తెలుగు చెప్పినవాణ్ణి. నా చేతిలో ఏళ్ళ తరబడి నలిగింది ప్రశ్నపత్రం. అందులోనూ మీరంతా బెదురుగా చూసిన ఒక భాగం: "ఈ కింది గద్యాన్ని చదివి ప్రశ్నలకు జవాబులు రాయండి." ఆ ఒక్క భాగం మన బడిలో ఎలా మారుతూ వచ్చిందో, అందులో నేను చేసిన తప్పేమిటో రాస్తాను.

నేను వచ్చిన కొత్తలో గద్యాన్ని రోలప్ బోర్డు మీద రాసి గోడకు తగిలించేవాళ్ళం. కింద అయిదు ప్రశ్నలు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏమిటి, చివర "దీనికి శీర్షిక పెట్టండి". తరగతిలో యాభైమంది పైగా ఉండేవారు. వారిలో దినపత్రిక గడగడా చదివేవారున్నారు, ఒక్కో అక్షరం కూడబలుక్కునేవారూ ఉన్నారు. అయినా ఆ అయిదు ప్రశ్నలకు దాదాపు అందరికీ మూడుకు తగ్గకుండా మార్కులు వచ్చేవి. అందరికీ అర్థమవుతోందనుకుని సంతోషించాను.

ఆ సంతోషం ఒక చిన్న ఆటతో పోయింది. ఒకసారి శిక్షణ తరగతుల్లో మాకు చెబుతున్నాయన బోర్డు మీద అర్థం లేని వాక్యం ఒకటి రాశారు. అలాంటిదే ఇక్కడ ఒకటి రాస్తాను చూడండి: "గుబ్బిలుడు తంబరిలో జిమ్మికను చిందరించాడు." ఇప్పుడు ప్రశ్నలు. జిమ్మికను ఎవరు చిందరించాడు? గుబ్బిలుడు. ఎక్కడ? తంబరిలో. దేన్ని? జిమ్మికను. అన్నీ ఒప్పే, మూడుకు మూడు మార్కులు. కానీ గుబ్బిలుడెవరో, తంబరి అంటే ఏమిటో రాసినవాడికీ తెలియదు, దిద్దినవాడికీ తెలియదు.

మన భాషలో ఈ చిక్కు మరీ ఎక్కువ. "ఎక్కడ" అంటే "లో" ఉన్న మాట, "దేన్ని" అంటే "ను" ఉన్న మాట వెతుక్కుంటే చాలు. ప్రత్యయమే జవాబు చూపించేస్తుంది. మా పిల్లలు చదవడం లేదు, అతికిస్తున్నారు. మూడు మార్కులు వచ్చినవాడికి గద్యం అర్థమైందో లేదో చెప్పే దారి నా ప్రశ్నల్లో లేదు.

ఆ శిక్షణలోనే బ్లూమ్ పేరు విన్నాం. అమెరికాలో బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు 1956లో వెలువరించిన పుస్తకంలో విద్యా లక్ష్యాలను మెట్లుగా పేర్చారు. కింద జ్ఞానం, దాని మీద అవగాహన, వినియోగం, ఆపైన విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం. బి.ఇడి. చదివిన మాస్టార్లందరికీ ఇది కంఠతా వచ్చు. ప్రశ్నపత్రం బ్లూప్రింటులో దేనికెన్ని మార్కులో గళ్ళు గీసి నింపేవాళ్ళం. కానీ ఆ మెట్లను ప్రశ్నలకు వాడవలసింది పోయి పిల్లలకు వాడాను. నేను చేసిన తప్పు అదే.

ఎనిమిదో తరగతిని మూడు జట్లు చేశాను. బాగా చదివేవారికి కష్టమైన గద్యం, మధ్యవారికి మధ్యస్థం, చివరి జట్టుకు చాలా తేలికది. ఎవరి స్థాయికి తగ్గది వారికి ఇస్తున్నానన్న తృప్తి నాది. స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ చేసి మూడు రకాల కాగితాలు పంచాను. చివరి జట్టు కాగితంలో మూడో తరగతి స్థాయి గద్యం ఉంది, ఒక కుందేలు కథ. పదమూడేళ్ళ మగపిల్లలు, ఇంటి దగ్గర చేలో నీళ్ళు కట్టేవాళ్ళు, ఆ కుందేలు కథ చదవాలి. పక్క బెంచీవాడి కాగితం మీద పొడుగు పేరాలు, తమ కాగితం మీద కుందేలు. మూడు వారాలు గడిచేసరికి ఆ జట్టులో నలుగురు తెలుగు పీరియడుకు రావడం మానేశారు.

వారిలో ఒకడు కాలువ లస్కరు కొడుకు. పేరు రాయను, ఈ సంచిక అతని చేతికీ వస్తుంది. ఒక సాయంత్రం సైకిలు మీద లాకుల దగ్గరకు వెళ్ళాను. తండ్రికి సాయంగా గట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. బడి మాట ఎత్తకుండా, "ఆ పలకలు ఎందుకురా దించుతారు?" అని అడిగాను. వెంటనే తలెత్తాడు. "నీళ్ళున్నంత మాత్రాన చేలోకెక్కవండి మాస్టారూ. కాలువ పల్లం, చేను మెరక. పలకలు దించితే ఎగువన మట్టం లేస్తదండి. అప్పుడు తూములోకి దానంతటదే పారతాది" అన్నాడు. కుందేలు కథలో రెండు ప్రశ్నలు తప్పిన కుర్రాడు, మా పక్కనే ఉన్న పెద్ద ఆనకట్ట ఎందుకు పనిచేస్తుందో మూడు ముక్కల్లో చెప్పాడు. వాడికి కష్టమైంది చదవడం. ఆలోచించడంలో వాడికి లోటేమీ లేదు. ఆ రెండిటినీ నేను ఒకటిగా లెక్కగట్టాను.

మర్నాడే మూడు కాగితాల పద్ధతి ఆపేశాను. ఇక మీదట తరగతికంతా ఒకే గద్యం, మెట్లు ప్రశ్నల్లోనే ఉంటాయి అనుకున్నాను. సోషల్ మాస్టారు పక్కన కూర్చుని సాయం చేస్తే, మొదటి గద్యం ధవళేశ్వరం ఆనకట్ట మీద నేనే రాశాను. వాక్యానికో అంకె వేశాను. అది ఇదీ:

1. గోదావరి ప్రతి వానాకాలం నిండుగా పారేది.
2. ఆ నీరంతా పొలాల పక్క నుంచే వెళ్ళి సముద్రంలో కలిసేది.
3. అయినా 1830లలో డెల్టా ప్రజలు కరువుతో అలమటించారు.
4. 1839లో పెద్ద తుపాను వచ్చి తీరాన్ని ముంచెత్తింది.
5. అంతకుముందు తమిళదేశంలో కొల్లడం నది మీద ఆనకట్టలు కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఈ ప్రాంతాన్ని పరిశీలించాడు.
6. ధవళేశ్వరం దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాలన్నాడు.
7. అది నదిని ఆపెయ్యదు. నీటిమట్టాన్ని పైకి లేపి కాలువల్లోకి మళ్ళిస్తుంది.
8. 1847లో మొదలైన పని 1852లో పూర్తయింది.
9. ఆ తర్వాత డెల్టాలో వరి సాగు బాగా పెరిగింది.

ప్రశ్నలు రాసేటప్పుడు మొదటి ప్రశ్నతో మొదలుపెట్టకూడదని రెండు మూడు కాగితాలు చించాక తెలిసింది. ముందు రాయవలసింది నడిమి ప్రశ్న. ఈ గద్యం చదివినవాడికి తప్పకుండా తెలియవలసిన ఒక్క సంగతి ఏమిటి? నది నిండా నీళ్ళున్నా పొలాలు ఎందుకు ఎండాయి అన్నది. జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ లేదు. 2వ వాక్యాన్నీ 7వ వాక్యాన్నీ కలిపితేనే వస్తుంది: నీరు పక్క నుంచే పోయింది, కానీ పొలానికి ఎక్కేటంత మట్టంలో లేదు. ఇది తరగతిలో ప్రతివాడూ చేరవలసిన చోటు. అక్కడి నుంచి కిందికి దిగుతూ, ఈ ప్రశ్నకు చేరాలంటే ఏం తెలియాలో చూసి మొదటి మెట్టు ప్రశ్నలు రాయాలి. ఆ తర్వాత పైకి ఎక్కుతూ, ఇది తెలిసినవాడు ఇంకేం ఆలోచించగలడో చూసి మూడో మెట్టు రాయాలి.

ఆనాటి కాగితం మీద మొదటి మెట్టులో మూడు ప్రశ్నలున్నాయి. ఒకటి: 2వ వాక్యం ప్రకారం నీరు చివరికి ఎక్కడికి పోయేది? రెండు: ఆనకట్ట పనికి ఎన్నేళ్ళు పట్టింది? మూడు: 7వ వాక్యంలో "అది" అంటే ఏది? నది, ఆనకట్ట, కాలువ - ఒకదాని కింద గీత గీయండి.

ఈ మూడూ తేలికే. మొదటిది అతికించి రాసే ప్రశ్నే, తెలిసే ఉంచాను. ఏ పిల్లవాడికైనా కాగితం మీద ఒక్క ఒప్పయినా పడాలి, పైగా ఆ జవాబు నడిమి ప్రశ్నకు అవసరం. రెండోది మాత్రం అతికిస్తే రాదు. 1847, 1852 రెండూ గద్యంలో ఉన్నాయి, అయిదు అన్న మాట లేదు. మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. "అది" అంటే నది అనుకున్నవాడికి 7వ వాక్యం మొత్తం తలకిందులవుతుంది. ఆ ఒక్క గీత చూస్తే వాడు ఎక్కడ దారి తప్పాడో నాకు తెలిసిపోయేది. పైగా దానికి రాత అక్కర్లేదు. రాయడం కష్టమైనవాడు కూడా తనకు తెలిసింది చూపించగలడు.

రెండో మెట్టులో రెండు ప్రశ్నలు. నాలుగు: కాటన్‌కు ఇలాంటి పనిలో ముందే అనుభవం ఉందా? ఏ అంకె వాక్యం అలా చెబుతోంది? అయిదు: నది నిండా నీళ్ళున్నా పొలాలు ఎందుకు ఎండాయి? ఏ రెండు వాక్యాలు కలిపి చెప్పావో అంకెలు వేయి. "అనుభవం" అన్న మాట గద్యంలో లేదని గమనించండి. మాట మార్చి అడిగితే ప్రత్యయం పట్టుకుని వెతికేవాడికి దారి దొరకదు, అర్థం పట్టుకోవాలి.

మూడో మెట్టులోనూ రెండే. ఆరు: ఆనకట్ట కట్టి కాలువలు తవ్వకపోతే ఏమయ్యేది? గద్యంలోని ఏ మాట వల్ల అలా అనుకుంటున్నావు? ఏడు: ఈ గద్యంలో ఒక్క మనిషి పేరే ఉంది. ఆ పనిలో ఇంకెవరెవరు ఉండి ఉంటారు? రాసినవారిని నువ్వు అడగదలచిన ప్రశ్న ఒకటి రాయి.

తర్వాత కొన్నేళ్ళకు తెలిసింది, ఈ బాటలో మాకు ముందే నడిచినవారున్నారని. అమెరికాలో పియర్సన్, జాన్సన్ అనే ఇద్దరు 1978లో ప్రశ్నలను జవాబు దొరికే చోటును బట్టి విడదీశారు. జవాబు పాఠంలో నేరుగా ఉండేవి, పాఠంలోని ముక్కలు కలిపితే వచ్చేవి, చదివేవాడి అనుభవం కూడా కలిస్తేనే వచ్చేవి. 1980లలో టాఫీ రాఫెల్ అనే ఆమె దాన్ని పిల్లలకు అర్థమయ్యే పేర్లతో చెప్పింది. ఆ పేర్లను మన పిల్లలకు నేను ఇలా చెప్పేవాణ్ణి: "అక్కడే ఉంది", "వెతికి కలుపు", "రచయితా నేనూ", "నా అంతట నేను". ప్రశ్న చదవగానే "ఇది ఏ రకంరా?" అని అడిగితే పిల్లలు అరిచి చెప్పేవారు. చివరి రకం నా కాగితాల్లో దాదాపు ఉండేది కాదు. దానికి కారణం కింద చెబుతాను.

ఈ పద్ధతి మొదటిసారే కుదిరిందనుకోకండి. మొదట కాగితం మీద "ఎ జట్టు, బి జట్టు, సి జట్టు" అని రాసి ఎవరి ప్రశ్నలు వారినే చేయమన్నాను. అంటే కుందేలు కథే, వేరే ముసుగులో. సి జట్టువాళ్ళు మూడు ప్రశ్నలు చేసి చేతులు కట్టుకు కూర్చున్నారు. అయిదో ప్రశ్న మీద చర్చ మొదలుపెడితే పది మందే మాట్లాడారు. రెండోసారి జట్ల పేర్లు తీసేశాను. ఎవరైనా ఏ ప్రశ్నతోనైనా మొదలుపెట్టవచ్చు, అయిదో ప్రశ్న మాత్రం అందరూ చేయాలి, ఇదీ కొత్త నియమం. చదువు వచ్చినవాళ్ళు నేరుగా నాలుగుకో అయిదుకో వెళ్ళేవారు. తడబడేవాళ్ళు ఒకటి, రెండు, మూడు మీదుగా అక్కడికే చేరేవారు. పీరియడు నలభై అయిదు నిమిషాలు. మొదటి పది నిమిషాల్లో నేనే రెండుసార్లు పైకి చదివేవాణ్ణి, పిల్లలు వేలితో అంకెల వెంట వచ్చేవారు. ఇరవై నిమిషాలు ఇద్దరిద్దరుగా పని. మిగతా పావుగంట అయిదో ప్రశ్న మీద అందరితో మాట.

రెండో తప్పు పై మెట్టులో దొర్లింది. మరో గద్యానికి "నీటి విలువ గురించి నీ అభిప్రాయం రాయి" అని చివరి ప్రశ్న ఇచ్చాను. చేతిరాత బాగున్న అమ్మాయి ఒకరు పేజీ నిండా రాసింది, పూర్తి మార్కులు వేశాను. తర్వాత చూస్తే ఆమె మూడో ప్రశ్న తప్పు చేసింది. గద్యం అర్థం కాకుండానే పై మెట్టు ఎక్కింది. అప్పటి నుంచి ప్రతి ప్రశ్నకూ ఒక పరీక్ష పెట్టాను. గద్యాన్ని చేత్తో మూసి, తొమ్మిదో తరగతి పిల్లల్నెవరినైనా పిలిచి ప్రశ్న మాత్రం చదివేవాణ్ణి. గద్యం చూడకుండా జవాబు చెప్పేస్తే ఆ ప్రశ్న వ్యాసానికి పనికొస్తుంది కానీ గద్యావగాహనకు పనికిరాదు. "నా అంతట నేను" రకాన్ని నేను పక్కన పెట్టింది అందుకే. పై మెట్టు ప్రశ్న చివర "ఏ మాట వల్ల అనుకుంటున్నావు" అని చేరిస్తే చాలాసార్లు ఈ జబ్బు కుదురుతుంది.

మూడో తప్పు నా భాషలో ఉంది. ఆనకట్ట గద్యానికి రెండో ప్రశ్నను మొదట "నిర్మాణ కార్యక్రమం ఎన్ని సంవత్సరముల వ్యవధిలో పరిసమాప్తమైనది?" అని రాశాను. పండితుడి చెయ్యి కదా. దిద్దేటప్పుడు ఒక పట్టిక గీసే అలవాటు ఉండేది: అడ్డంగా ప్రశ్నలు, నిలువుగా పిల్లలు, ఒప్పుకు గీత, తప్పుకు సున్నా. అయిదో ప్రశ్న ఒప్పు రాసినవాళ్ళలో సగంమందికి రెండో ప్రశ్న దగ్గర సున్నా కనిపించింది. పై మెట్టు ఎక్కినవాళ్ళు కింది మెట్టు దగ్గర పడ్డారంటే తప్పు వాళ్ళది కాదు, మెట్టుది. "పనికి ఎన్నేళ్ళు పట్టింది?" అని మార్చి మరో సెక్షనుకు ఇచ్చాను, సున్నాలు దాదాపు పోయాయి. ప్రశ్న భాష గద్యం భాష కన్నా ఎప్పుడూ తేలికగా ఉండాలి. ప్రశ్నలో ఒక్క కష్టమే ఉండాలి, అది ఆలోచనలో ఉండాలి.

లస్కరు కొడుకు సంగతి చెప్పాలి. మూడో రోజు నుంచి వచ్చాడు. ఆనకట్ట గద్యం ఇచ్చిన పూట మొదటి మూడు ప్రశ్నలకే పది నిమిషాలు తీసుకున్నాడు, మూడోదాంట్లో "ఆనకట్ట" కింద గీత గీశాడు. అయిదో ప్రశ్నకు కాగితం మీద 2, 7 అని రెండు అంకెలు మాత్రం వేశాడు. చర్చలో లేచి నిలబడమన్నాను. లాకుల దగ్గర నాతో చెప్పిందే తరగతికీ చెప్పాడు. "నువ్వు లాకుల దగ్గర చూసి చెబుతున్నావు, ఈ కాగితంలో ఎక్కడుంది?" అని అడిగాడు ముందు బెంచీవాడు. వీడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ 7వ వాక్యం పైకి చదివాడు. తరగతి అంతా ఆగి విన్నది. కుందేలు కాగితం ఇచ్చి ఉంటే ఆ ప్రశ్నా వచ్చేది కాదు, ఆ చదవడమూ జరిగేది కాదు.

అదే రోజు ఏడో ప్రశ్నకు ఒక అమ్మాయి, "రాళ్ళు ఎక్కడి నుంచి తెచ్చారు, మోసినవాళ్ళకు కూలి ఎంత ఇచ్చారు?" అని రాసింది. సోషల్ మాస్టారు ఆ కాగితం తీసుకెళ్ళి పదో తరగతికి చూపించారు.

ఈ పద్ధతి చేయలేని పని కూడా ఉంది. అది అక్షరాలు నేర్పదు. నేను పైకి చదివి వినిపిస్తే అర్థం చేసుకోగలిగిన పిల్లలకు గద్యం అందుతుంది, కానీ తనంతట తాను చదవడం అలా రాదు. ఆ ఎనిమిదో తరగతిలో ఇద్దరికి గుణింతాలే సరిగా రావు. వారికి ఉదయం బెల్లుకు ముందు అరగంట వేరుగా కూర్చుని నేర్పాల్సిందే. మెట్ల ప్రశ్నలిచ్చి ఆ అరగంట మానేస్తే, వాళ్ళు ఏడాది పొడుగునా విని జవాబులు చెబుతూ చదువు రాకుండానే పై తరగతికి వెళతారు. ఒక ఏడు నేను అలా మానేశాను కూడా. ఆ ఏడు ఫలితం చూశాక మళ్ళీ మానలేదు.

తర్వాతి కాలంలో ఈ అవసరం పెరిగిందే గానీ తగ్గలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం బడి మానేసిన పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. న్యాయమైన నియమమే. దాంతో ఒకే బెంచీ మీద మరింత తేడా ఉన్న పిల్లలు పక్కపక్కన కూర్చున్నారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన కొత్త తెలుగు వాచకాల్లో పాఠం చివర అతికించి రాసే ప్రశ్నలు తగ్గి, ఆలోచించి చెప్పే ప్రశ్నలు పెరిగాయి. గైడు చూసి రాయడానికి అలవాటుపడ్డ మాకు మొదట ఇబ్బందయింది. కానీ వాచకంలోని పై మెట్టు ప్రశ్నకు చేరడానికి కింది మెట్లు ఎవరు కడతారు? అది ఆ తరగతిలో ఉన్న మాస్టారే కట్టాలి. తన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో వాచకం రాసినవారికి తెలియదు.

ఇప్పుడు మన బడిలో చెబుతున్న మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మాట. పాత స్టెన్సిల్ కాగితాలు ఒక కట్టగా స్టాఫ్ రూం బీరువా కింది అరలో పెట్టి వచ్చాను. పట్టికలు కూడా వెనకవైపే ఉన్నాయి, ఏ ప్రశ్న ఎందుకు మార్చానో పక్కన పెన్సిలుతో రాసి ఉంది. చెద పట్టకపోతే తీసి చూడండి. కుందేలు కాగితం కూడా పారెయ్యకుండా అందులోనే ఉంచాను. పూర్వ విద్యార్థుల్లో ఎవరి ఇంట్లోనైనా ఏడు ప్రశ్నలున్న నాటి ఆనకట్ట కాగితం మిగిలి ఉంటే సంఘం వారికి ఒక నకలు పంపండి. మీ రాత నాకు కావాలి. ఏడో ప్రశ్నకు మీలో ఎవరెవరు ఏమడిగారో మళ్ళీ ఒకసారి చదువుకోవాలని ఉంది.